పాత ఫోన్‌కి ఉత్తరాలు వచ్చే దారి

తొమ్మిదేళ్ల నాటి ఫోన్. అద్దం ఒక మూల చిట్లింది, వెనక మూతకి రబ్బరు బ్యాండు. అయినా కాల్ వస్తుంది, అలారం మోగుతుంది, పొద్దున్నే పంచాంగం చూపిస్తుంది. మెయిల్ యాప్ మాత్రం ఒకరోజు మొరాయిస్తుంది. ప్లే స్టోర్‌లోకి వెళ్లి అప్‌డేట్ కోసం చూస్తే, ఈ యాప్ మీ ఫోన్‌కు సరిపడదని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు: ‘ఒకసారి డిలీట్ చేసి మళ్లీ వేద్దాం, సెట్ అయిపోతుంది.’

ఆ ఒక్క పని మాత్రం చేయకూడదు.

ఎందుకో తెలియాలంటే ఒక ఉదాహరణ అనుకుందాం. విజయనగరంలో రిటైరైన పోస్టుమాస్టరు గారు ఒకాయన. 2016లో 4జీ సిమ్ కార్డుల కోసం జనం వరసలు కట్టిన రోజుల్లో కొన్న ఫోన్ ఆయనది. అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 6. మన ఊళ్లలో ఆ కాలపు ఫోన్లు ఇంకా తిరుగుతున్నాయంటే కారణం అదే, వాటిలో 4జీ సిమ్ ఇప్పటికీ పనిచేస్తుంది. ఆయనకు జీమెయిల్ ఖాతా ఉంది. డల్లాస్‌లో ఉన్న కూతురి ఉత్తరాలు, పెన్షన్ సంగతులు, విశ్రాంత ఉద్యోగుల సంఘం నోటీసులు అందులోకే వస్తాయి. సెలవులకి వచ్చిన మనవడు ‘అప్‌డేట్ అవట్లేదు తాతయ్యా, తీసేసి మళ్లీ వేస్తా’ అని యాప్ తీసేశాడు. మళ్లీ వేద్దామంటే ప్లే స్టోర్ ఇవ్వనంది.

మనవడు తీసేసేదాకా ఆ యాప్ బాగానే ఉంది. ఉత్తరాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆగిపోయింది అప్‌డేట్ ఒక్కటే. ఈ రెండూ వేరని తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో బాగున్న మెయిల్ చేజేతులా పోతుంది.

యాప్ తయారుచేసేవాళ్లు ప్రతి వెర్షన్‌లోనూ ఒక అంకె రాసి పెడతారు. ‘ఈ యాప్ నడవాలంటే ఫోన్‌లో కనీసం ఈ మెట్టు ఆండ్రాయిడ్ ఉండాలి’ అనేదే ఆ అంకె అర్థం. ఆండ్రాయిడ్ 5కి ఆ మెట్టు 21, ఆండ్రాయిడ్ 6కి 23, ఆండ్రాయిడ్ 8కి 26. యాప్ కొత్త వెర్షన్‌లో ఆ అంకెను 23 నుంచి 26కి పెంచారంటే, పోస్టుమాస్టరు గారి ఫోన్‌కి ఇక కొత్త వెర్షన్ రాదు. అప్పటికే ఫోన్‌లో ఉన్న పాత వెర్షన్ జోలికి మాత్రం ఆ అంకె రాదు. అది ఉన్నచోటే ఉంటుంది.

అంకె పెంచడం వెనక కక్షేమీ లేదు. యాప్ తయారీదారు అన్నీ సొంతంగా రాసుకోడు. బటన్లు, నోటిఫికేషన్లు, భద్రత లాంటివాటికి గూగుల్ ఇచ్చే రెడీమేడ్ ముక్కలు వాడతాడు. గూగుల్ ఆ ముక్కల్లో పాత ఆండ్రాయిడ్‌ను వదిలేస్తే, వాటిమీద కట్టిన యాప్ కూడా వదిలేయక తప్పదు. 2023 ఆగస్టులో గూగుల్ తన ప్లే సర్వీసెస్‌లో కిట్‌క్యాట్‌కు, అంటే ఆండ్రాయిడ్ 4.4కు, అప్‌డేట్లు ఆపేసింది. వాడకంలో ఉన్న ఫోన్లలో దాని వాటా ఒక్క శాతం కన్నా తగ్గిందన్నది గూగుల్ చెప్పిన కారణం. పది ముక్కలు కలిపి కట్టిన యాప్‌లో ఒక్క ముక్క మెట్టు పెరిగినా మిగతా తొమ్మిదీ దాని వెంట నడవాల్సిందే.

ఉత్తరాలను మోసుకొచ్చే పద్ధతి మాత్రం ఈ పరుగులో లేదు. దాని పేరు ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన పద్ధతి అది. అప్పటినుంచి మెరుగులు దిద్దుకున్నా మూలం మారలేదు. ఉత్తరాలన్నీ సర్వర్ దగ్గరే ఉంటాయి. ఫోన్‌లోని యాప్ వెళ్లి తలుపు తట్టి, ‘కొత్తవేమైనా ఉన్నాయా’ అని అడిగి, నకలు తెచ్చుకుంటుంది. ఆ అడిగే భాష వచ్చిన యాప్ ఏదైనా పనికొస్తుంది, కొత్తదైనా పాతదైనా. ఉత్తరం పంపేందుకు వాడే ఎస్ఎమ్‌టీపీ అంతకన్నా పాతది.

అంటే పాత యాప్‌లో మెయిల్ నిజంగా ఆగిపోయిందంటే కారణం భాష కాదు, తలుపు. ఆ తలుపుకు మూడు తాళాలు. ఏ తాళం పడిందో ఫోన్ చూపించే ఎర్రర్ వాక్యాన్ని బట్టి చెప్పొచ్చు. వాక్యం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, భయపెట్టేలా ఉంటుంది. కంగారుపడి కొట్టేయకుండా ఒక స్క్రీన్‌షాట్ తీసుకుంటే సగం పని అయినట్టే.

మొదటి తాళం లాగిన్. సర్వర్ దాకా వెళ్లారు, ‘మీరెవరు’ అన్న ప్రశ్నకు చెప్పిన జవాబు చెల్లలేదు. అప్పుడు `Authentication failed` అనో `Invalid credentials` అనో వస్తుంది. జీమెయిల్ అయితే ఇంకా సూటిగా `Application-specific password required` అంటుంది. దీనికి వెనక కథ ఉంది. ఒకప్పుడు మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే ఏ యాప్‌నైనా లోపలికి రానిచ్చేవారు. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు 2022 మే 30 నుంచి గూగుల్ ఆ పద్ధతి ఆపేసింది. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్ డాట్ కామ్ వ్యక్తిగత ఖాతాలకు 2024 సెప్టెంబరు 16న ఆపేసింది. ఇప్పుడు యాప్ ఆ సంస్థ లాగిన్ పేజీని తెరిచి, అక్కడ మీరు ఒప్పుకున్నాక ఒక టోకెన్ తెచ్చుకోవాలి. ఓఆథ్ అంటారు దాన్ని. గుడి బయట చెప్పులకిచ్చే టోకెన్ లాంటిదే అనుకోవచ్చు. ఆ టోకెన్ అడగడం చేతకాని పాత యాప్ గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

రెండో తాళం రహస్య సంభాషణ. ఫోనూ సర్వరూ మాట్లాడుకునేటప్పుడు మధ్యలో ఎవరూ వినకుండా గుప్తలిపిలో మాట్లాడుకుంటాయి. ఆ లిపి ఏదో ముందే కుదుర్చుకోవాలి. టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత లిపులను 2021 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ అధికారికంగా పక్కన పెట్టింది. చాలా సర్వర్లు 1.2 కన్నా తక్కువైతే మాట్లాడవు. ఆండ్రాయిడ్ 5 నుంచి 1.2 మామూలుగానే పనిచేస్తుంది. 4.4లోనూ అంతకు ముందు కొన్నిటిలోనూ అది ఉంది కానీ నిద్రపోతూ ఉంటుంది, యాప్ ప్రత్యేకంగా లేపాలి. `SSLHandshakeException`, `Handshake failed` లాంటి మాటలు కనిపిస్తే ఈ తాళం పడిందని అర్థం. ఫోన్ ఆండ్రాయిడ్ 4 అయితే ఇక్కడ పోరాడటం దండగ. పోస్టుమాస్టరు గారి ఆండ్రాయిడ్ 6కి ఈ బెంగ లేదు.

మూడోది సర్టిఫికెట్. ‘నేనే ఫలానా సర్వర్‌ని’ అని సర్వర్ చూపే గుర్తింపు కార్డు అది. దానిమీద సంతకం చేసినవారు తెలిసినవారా కాదా అని ఫోన్ తన దగ్గరున్న జాబితాలో చూసుకుంటుంది. ఫోన్ తయారైన తర్వాత పుట్టిన సంతకాలు పాత జాబితాలో ఉండవు. అప్పుడు వచ్చేది `Trust anchor for certification path not found` అనే వాక్యం. ఈ వాక్యం కనిపించగానే చేయాల్సిన మొదటి పని మరీ చిన్నది: ఫోన్‌లో తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన పాత ఫోన్లు ఒక్కోసారి ఎప్పటిదో తేదీలోకి వెళ్లిపోతాయి. తేదీ తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా ఇంకా పుట్టనట్టో, గడువు తీరినట్టో కనిపిస్తుంది. తేదీ సరిచేయగానే మెయిల్ గలగలా వచ్చేస్తే ఇంకే వైద్యమూ అక్కర్లేదు.

ఇక పోస్టుమాస్టరు గారి దగ్గరికి వద్దాం. యాప్ ఎలాగూ పోయింది. ఉత్తరాలు పోలేదు, అవి సర్వర్‌లో ఉన్నాయి. ఆయన పాత యాప్ పాప్ అనే మరో పద్ధతిలో అమర్చి ఉంటే మాత్రం గుండె గుభేలుమనాల్సిందే. ఆ పద్ధతిలో ఉత్తరాన్ని ఫోన్‌కి దించుకున్నాక సర్వర్‌లో తీసేసేలా పెట్టుకునే వీలుంది. అలా పెట్టుకున్నవాళ్లు యాప్ తీసేస్తే ఉత్తరాలూ దాంతోపాటే పోతాయి. ఐమ్యాప్‌లోనైనా పంపకుండా అవుట్‌బాక్స్‌లో ఆగినవి, సర్వర్‌కి చేరని డ్రాఫ్టులు ఫోన్‌లోనే ఉంటాయి. అందుకే యాప్ ఇంకా ఫోన్‌లో ఉన్నవాళ్లు దాన్ని తీసేయకూడదు. సెట్టింగ్స్‌లో ‘క్లియర్ డేటా’ కూడా నొక్కకూడదు. ముందు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, ముఖ్యమైన ఉత్తరాలన్నీ అక్కడా కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి.

ఆయన ఫోన్‌కి సరిపడే మెయిల్ యాప్ ఏది? కే-9 మెయిల్ అని ఒకటుంది. 2008 నుంచీ ఉన్న ఉచిత యాప్. అందరూ చూడగలిగేలా దాని కోడ్ బయటే ఉంటుంది. ‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లోని యంత్రపు కుక్క పేరే దీనికి పెట్టారు. 2022లో ఇది థండర్‌బర్డ్ కుటుంబంలో చేరింది. 2024 అక్టోబరులో దీని ఆధారంగానే ఆండ్రాయిడ్‌కి థండర్‌బర్డ్ యాప్ వచ్చింది. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే, కే-9లో 6తో మొదలయ్యే వెర్షన్లు ఆండ్రాయిడ్ 5 నుంచి పనిచేస్తాయి. పైగా 2022లో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి దానికి ఓఆథ్ టోకెన్ అడగడం కూడా వచ్చు.

ప్లే స్టోర్ ఇవ్వకపోతే పాత వెర్షన్ ఎక్కడ దొరుకుతుంది? గూగుల్‌లో వెతికితే పాత యాప్‌లు పంచే సైట్లు కుప్పలుగా కనిపిస్తాయి. మెయిల్ యాప్ విషయంలో వాటి గడప తొక్కకపోవడం మంచిది. ఇంట్లో ఉత్తరాలన్నీ చదివే అధికారం ఉన్న మనిషిని ముక్కూమొహం తెలియనివాడు పంపితే పనిలో పెట్టుకుంటామా? తయారీదారులే పాత వెర్షన్లు దాచి ఉంచే చోటు గిట్‌హబ్‌లోని కే-9 విడుదలల పేజీ. ఓపెన్ సోర్స్ యాప్‌లు పంచే ఎఫ్-డ్రాయిడ్ కూడా పాత వెర్షన్లను ఒక ఆర్కైవ్‌లో భద్రపరుస్తుంది. పాత ఫోన్ బ్రౌజర్ ఆ సైట్లనే తెరవలేకపోతే, కంప్యూటర్‌లో ఫైలు దించుకుని కేబుల్‌తో ఫోన్‌లోకి పంపుకోవచ్చు. ఆండ్రాయిడ్ 6లో బయటి ఫైలు వేయాలంటే సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ‘అన్‌నోన్ సోర్సెస్’ అనేది ఆన్ చేయాలి. పని అవగానే ఆఫ్ చేయాలి. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంకో చిక్కు. ఫోన్‌లో అదే యాప్ వేరే చోటు నుంచి వేసినది ఇప్పటికే ఉంటే, కొత్త ఫైలు ‘యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అని ఆగిపోవచ్చు. రెండింటిమీదా ఉన్న డిజిటల్ సంతకాలు కలవకపోవడం అందుకు ఒక కారణం. ఉన్నదానికన్నా పాత వెర్షన్‌ను దానిమీదే వేయడానికి కూడా ఆండ్రాయిడ్ ఒప్పుకోదు.

ఇప్పుడు లాగిన్. ఓఆథ్ దారిలో వెళ్తే పాత ఫోన్‌లోని బ్రౌజర్‌లోనే గూగుల్ లాగిన్ పేజీ తెరుచుకోవాలి. ఆండ్రాయిడ్ 6కి వచ్చిన చివరి క్రోమ్ 106వ వెర్షన్. అక్కడ పేజీ సరిగా తెరుచుకుంటే సంతోషం. తెరుచుకోకపోతే రెండో దారి యాప్ పాస్‌వర్డ్. గూగుల్ ఇచ్చే పదహారు అక్షరాల తాళంచెవి అది, అసలు పాస్‌వర్డ్‌తో సంబంధం ఉండదు. ఈ పని పాత ఫోన్‌లో చేయకూడదు. మనవడి ల్యాప్‌టాప్ ఇందుకు సరైన చోటు.

ల్యాప్‌టాప్‌లో పోస్టుమాస్టరు గారి ఖాతాతో లాగిన్ అయి ముందు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి. అది లేకుండా యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరు. ఆన్ చేసినప్పుడే బ్యాకప్ కోడ్‌లు కూడా తీసుకోవాలి. ఎనిమిదేసి అంకెల కోడ్‌లు పది వస్తాయి. వాటిని ఫోన్‌లో దాచడం అర్థం లేని పని, ఎందుకంటే పోయేది ఆ ఫోనే కావచ్చు. పెన్షన్ పుస్తకం పెట్టే బీరువాలో ఒక కాగితంమీద రాసి పెట్టడం మేలు. ఆ తర్వాత బ్రౌజర్‌లో ఈ చిరునామా తెరవాలి:

```
myaccount.google.com/apppasswords
```

అక్కడ ఒక పేరు అడుగుతుంది. ‘మెయిల్’ అని రాయకుండా ‘పాత ఫోన్ కే9’ అని రాస్తే తర్వాత గుర్తుపట్టడం సులువు. క్రియేట్ నొక్కగానే నాలుగేసి అక్షరాల నాలుగు గుంపులు కనిపిస్తాయి. అవి కనిపించేది ఆ ఒక్కసారే. పేజీ మూస్తే మళ్లీ చూపించదు, కొత్తది తీసుకోవాల్సిందే. ఫోన్‌లో టైపు చేసేటప్పుడు గుంపుల మధ్య ఖాళీ వదలనక్కర్లేదు. కే-9లో అమర్చాల్సిన వివరాలు ఇవి:

```
IMAP: imap.gmail.com   993   SSL/TLS
SMTP: smtp.gmail.com   465   SSL/TLS
```

యూజర్ నేమ్ దగ్గర మెయిల్ ఐడీ మొత్తం రాయాలి. పాస్‌వర్డ్ దగ్గర ఆ పదహారు అక్షరాలు. వచ్చే ఉత్తరాలకు ఒకసారి, పోయే ఉత్తరాలకు ఒకసారి పాస్‌వర్డ్ విడివిడిగా ఉంటుందన్నది చాలామంది మరిచిపోతారు. ఉత్తరాలు వస్తున్నా పంపినవి అవుట్‌బాక్స్‌లోనే కూర్చున్నాయంటే రెండోచోట పాత పాస్‌వర్డ్ మిగిలిపోయిందని అనుమానించాలి.

ఇక్కడ పోస్టుమాస్టరు గారికి ఎదురయ్యే వింత ఒకటుంది. అన్నీ కుదిరి రెండు నెలలు హాయిగా నడిచాక, ‘ఎందుకైనా మంచిది’ అని ఆయన గూగుల్ పాస్‌వర్డ్ మార్చారనుకుందాం. మరుక్షణం పాత ఫోన్‌లో మెయిల్ ఆగిపోతుంది. అసలు పాస్‌వర్డ్ మారిస్తే, అంతకుముందు ఇచ్చిన యాప్ పాస్‌వర్డులన్నీ గూగుల్ రద్దు చేస్తుంది. ఫోన్ చెడిపోలేదు, యాప్ పాడవలేదు. మళ్లీ ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని కొత్త పదహారు అక్షరాలు తెచ్చుకోవాలంతే.

అవుట్‌లుక్ ఖాతా ఉన్నవారికి ఈ యాప్ పాస్‌వర్డ్ దారి లేదు, వారికి ఓఆథ్ ఒక్కటే. ఆఫీసు ఖాతాలకు ఏ దారి తెరవాలన్నది ఆఫీసువాళ్ల నిర్ణయం. వారిని అడగకుండా గంటలకొద్దీ సెట్టింగ్స్ తిప్పడం వల్ల వేళ్లు నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం ఉండదు.

జీమెయిల్ సర్దుకుంది. కానీ ఆయనకు సంఘం సొంత డొమైన్‌లో ఇంకో మెయిల్ కూడా ఉందనుకుందాం. అది తెరవబోతే మూడో తాళం, సర్టిఫికెట్ గొడవ. చిన్న సంస్థలు, కాలేజీలు, సంఘాలు నడిపే సర్వర్లలో ఈ సమస్య ఎక్కువ. వాటిలో చాలావరకు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. ఆ సంస్థ సొంత మూల సంతకం పేరు ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1. ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్ల జాబితాలో ఆ పేరు లేదు. కొన్నేళ్లపాటు లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక ఉపాయంతో నెట్టుకొచ్చింది. పాత ఫోన్లకు తెలిసిన వేరే సంస్థ సంతకాన్ని తోడు తెచ్చుకుంది. తమాషా ఏమిటంటే ఆ తోడు సంతకం అసలు గడువు 2021 సెప్టెంబరు 30తోనే తీరిపోయింది. కానీ పాత ఆండ్రాయిడ్ మూల సంతకాల గడువు తేదీ చూడదు, అందువల్ల అంతా నడిచిపోయింది. ఫోన్ బద్ధకమే దాని ప్రాణం నిలిపిందన్నమాట. ఆ ఏర్పాటు కూడా 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. నిన్నటిదాకా వచ్చిన సంఘం మెయిల్ ఒక్కసారిగా ఆగిందంటే ఫోన్ తప్పో సంఘం తప్పో అనుకుంటారు. నిజానికి గడువు తీరింది మధ్యవర్తికి.

అప్పుడు యాప్ ఒక హెచ్చరిక చూపించి, ‘ఈ సర్టిఫికెట్‌ను ఒప్పుకోమంటారా’ అని అడుగుతుంది. రైల్వే స్టేషన్ వైఫైలో, హోటల్ వైఫైలో దానికి ‘సరే’ అని నొక్కితే, మధ్యలో ఎవరైనా కూర్చుని సర్వర్ వేషం వేస్తున్నా తెలియదు. ఆండ్రాయిడ్ 6లో ఇంకాస్త పద్ధతైన దారి ఉంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వెబ్‌సైట్ నుంచే ఆ మూల సర్టిఫికెట్ ఫైలు కంప్యూటర్‌లో దించి, ఫోన్‌కి పంపి, సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో స్టోరేజి నుంచి సర్టిఫికెట్ వేసుకునే వీలుంది. ఫోన్‌కి పిన్‌గానీ ప్యాటర్న్‌గానీ పెట్టమంటుంది. ఆ తర్వాత నెట్‌వర్క్‌ను ఎవరో గమనిస్తూ ఉండవచ్చు అనే అర్థం వచ్చే నోటీసు ఒకటి చూపిస్తుంది. బయటి సర్టిఫికెట్ ఏది వేసినా ఆ నోటీసు వస్తుంది కాబట్టి కంగారుపడక్కర్లేదు. ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ దారి మామూలుగా పనిచేయదు, అలా చేతితో వేసిన సర్టిఫికెట్లను యాప్‌లు లెక్కచేయవు. పాతదానికే పనికొచ్చే చిట్కా ఇది, ఇలాంటివి అరుదు.

ఇంత సర్కస్ చేసే ఓపిక లేనివారు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకుని అందులో సంఘం వెబ్‌మెయిల్ తెరవవచ్చు. ఫైర్‌ఫాక్స్ ఫోన్ జాబితాను అడగదు. తెలిసిన సంతకాల జాబితా దాని దగ్గరే వేరుగా ఉంటుంది. బ్రౌజర్‌లో చూస్తే కొత్త ఉత్తరం వచ్చినప్పుడు టింగుమనదు, మనమే వెళ్లి చూసుకోవాలి. రోజుకు రెండుసార్లు చూసుకునే పెద్దవాళ్లకి అది లోటుగా కూడా అనిపించదు. ఒకప్పుడు నెమ్మది ఫోన్లకు జీమెయిల్‌లోనే ‘బేసిక్ హెచ్‌టీఎమ్‌ఎల్’ అనే తేలిక రూపం ఉండేది. 2024 మొదట్లో గూగుల్ దాన్ని తీసేసింది.

ఐఫోన్ వాడేవారి దారి వేరు, కాస్త సులువు కూడా. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. కొత్త మెయిల్ యాప్‌లు దానిమీద ఎక్కవు. కానీ ఆపిల్ సొంత మెయిల్ యాప్ ఫోన్‌తోపాటే వస్తుంది, దానికి గూగుల్ లాగిన్ పేజీ తెరవడం తెలుసు. చాలామందికి అది చాలు. వేరే యాపే కావాలంటే యాప్ స్టోర్‌లో తమ పాత కొనుగోళ్ల జాబితాలోకి వెళ్లి అక్కడ ఆ యాప్ పక్కనున్న మబ్బు గుర్తు నొక్కాలి. తయారీదారు తీసేయకుండా ఉంటే, మీ ఫోన్‌కి సరిపడే చివరి వెర్షన్ ఇవ్వమంటారా అని ఆపిల్ అడుగుతుంది. ఎప్పుడూ దించుకోని యాప్ ఆ జాబితాలో ఉండదు. అందుకు కూడా ఓ కిటుకు ఉంది. అదే ఆపిల్ ఐడీతో ఇంట్లోని కొత్త ఐఫోన్‌లో ఒకసారి దించితే, అది పాత ఫోన్ జాబితాలోనూ కనిపిస్తుంది.

మెయిల్ వచ్చింది సరే, భద్రత సంగతేమిటి? ఆండ్రాయిడ్ 6 ఫోన్లకు గూగుల్ భద్రతా మరమ్మతులు ఎప్పుడో ఆగిపోయాయి. మెయిల్ యాప్ ఉత్తరాన్ని చూపించేందుకు వెబ్‌వ్యూ అనే ముక్క వాడుతుంది, అది కూడా క్రోమ్‌లాగే 106 దగ్గర నిలిచిపోయింది. కే-9లో బయటి బొమ్మలను ఉత్తరంతోపాటు తెరవొద్దని చెప్పే సెట్టింగ్ ఉంది. దాన్ని ‘ఎప్పుడూ వద్దు’ అని పెట్టుకోవాలి. అటాచ్‌మెంట్లు ఈ ఫోన్‌లో తెరవకుండా ల్యాప్‌టాప్‌లో తెరవాలి. ఇవి కాస్త తగ్గిస్తాయి గానీ ముప్పును పూర్తిగా తీసేయవు.

అసలు ముప్పు ఇంకోచోట ఉంది. యాప్ పాస్‌వర్డ్ ఉన్న ఫోన్ దొంగ చేతిలో పడితే టూ-స్టెప్ ప్రశ్న లేకుండానే ఆ మెయిల్ మొత్తం అతని ముందు ఉంటుంది. బ్యాంకు, ఆధార్, పెన్షన్ ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులు వచ్చేది కూడా ఆ మెయిల్‌కే. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన దారులన్నిటిలోకీ పోస్టుమాస్టరు గారికి నప్పేది బహుశా ఇదే: ఆయన పేరుమీద రెండో మెయిల్ ఖాతా ఒకటి తెరిచి, పాత ఫోన్‌లో అది ఒక్కటే పెట్టడం. అసలు ఖాతా ల్యాప్‌టాప్‌లో, లేదా కొడుకు దగ్గరున్న కొత్త ఫోన్‌లో ఉంటుంది.

ఆయన ఉద్యోగ జీవితమంతా చేసిన పనే ఇది, చిరునామా మారినవారి ఉత్తరాలను కొత్త చోటికి దారి మళ్లించడం. అసలు జీమెయిల్ ఖాతాను కంప్యూటర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ పేజీలో రెండో ఖాతా చిరునామా ఇవ్వాలి. ఆ చిరునామాకు ఒక ధృవీకరణ లింకు వెళ్తుంది, అది నొక్కితే దారి తెరుచుకుంటుంది. అన్నీ మళ్లించమని మాత్రం చెప్పకూడదు. ఫిల్టర్లు పెట్టి, కూతురి ఐడీ నుంచి వచ్చేవి, సంఘం నుంచి వచ్చేవి, తమ్ముడి నుంచి వచ్చేవి మాత్రమే పంపమని చెప్పాలి. బ్యాంకు ఉత్తరాలు అసలు ఖాతాలోనే ఉండిపోతాయి. ఇబ్బంది ఒక్కటే, పాత ఫోన్ నుంచి జవాబిస్తే అది రెండో ఐడీ నుంచి వెళ్తుంది. ‘ఇదెవరి ఐడీ నాన్నా?’ అని కూతురు ఒకసారి అడుగుతుంది. చెబితే సరి.

ఫోన్ నెమ్మదిగా ఉంటే కే-9లో ఇన్‌బాక్స్ ఒక్కటే సింక్ అయ్యేలా పెట్టి, ప్రతి అరగంటకో గంటకో చూడమని చెబితే బ్యాటరీ కూడా కాస్త ఆగుతుంది. ఎప్పటికప్పుడు తెచ్చే పుష్ పాత బ్యాటరీని తినేస్తుంది.

కొత్త ఫోన్ వచ్చే రోజు వస్తుంది. ఆరోజు తొందరలో పాత ఫోన్‌ను రీసెట్ చేసి మనవడికి ఆడుకోవడానికి ఇచ్చేయకూడదు. ముందు కొత్త ఫోన్‌లో ఖాతా పెట్టి, ఒక ఉత్తరం పంపి, ఒకటి రప్పించుకుని చూడాలి. టూ-స్టెప్ కోడ్‌లు కొత్త ఫోన్‌కే వస్తున్నాయని చూసుకోవాలి. పాత ఫోన్ అవుట్‌బాక్స్‌లోనూ డ్రాఫ్టుల్లోనూ ఏమైనా మిగిలాయేమో చూడాలి. ఫార్వర్డింగ్ ఫిల్టర్లు ఇంకా కావాలో వద్దో తేల్చుకోవాలి. యాప్ పాస్‌వర్డ్ తీసుకున్నవారైతే ల్యాప్‌టాప్‌లో మళ్లీ ఆ పేజీ తెరిచి, ‘పాత ఫోన్ కే9’ అన్న పేరు పక్కనున్న చెత్తబుట్ట గుర్తు నొక్కాలి. కాసేపాగి పాత ఫోన్‌లో మెయిల్ రిఫ్రెష్ చేస్తే `Authentication failed` అని వస్తుంది. ఈసారి ఆ వాక్యం రావడమే కావాలి. అది కనిపించాక ఫోన్ రీసెట్ చేసి మనవడికి ఇచ్చేయొచ్చు.